డాలర్ డివిడెండ్‌ని రూపాయల్లోకి మార్చడం: రిటర్న్‌లో ఏ తేదీ రేటు వెయ్యాలి?

ఈ ఎపిసోడ్‌లో ఒక్క ప్రశ్న తీసుకుందాం. పోయిన ఆర్థిక సంవత్సరంలో మీకు డాలర్లలో కొంత ఆదాయం వచ్చింది. ఇప్పుడు రిటర్న్ ఫైల్ చెయ్యాలి. రిటర్న్‌లో గడులన్నీ రూపాయల్లోనే ఉంటాయి. మరి ఏ రోజు రేటుతో మార్చాలి? డబ్బు పడిన రోజు రేటా, ఇవాళ గూగుల్‌లో కనిపించే రేటా, లేక మార్చి 31 రేటా?

చాలామంది వీటిలో ఏదో ఒకటి వేసేస్తారు. డివిడెండ్ విషయంలో ఈ మూడూ కరెక్ట్ కాదు. చట్టం ఒక నాలుగో తేదీ చెప్తుంది. అది ఏంటో తెలిస్తే పని పదిహేను నిమిషాలది. ఇంకో విషయం, రేటు తప్పు కంటే పెద్ద తప్పు ఒకటి ఇదే లెక్కలో దాక్కుని ఉంటుంది. దాని వల్ల మీ జేబులోంచే డబ్బు పోతుంది. ఆ రెండూ ఒక ఉదాహరణతో చూద్దాం.

ముందుగా ఇది ఎవరికోసమో చెప్పేస్తాను. ఇండియాలో మామూలు రెసిడెంట్‌గా ఉంటూ, అమెరికా షేర్లు ఉన్నవాళ్ళకి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికన్ కంపెనీలో పని చేస్తూ ఆఫీస్ ఇచ్చిన షేర్లు ఉంచుకున్నవాళ్ళు, యాప్‌లో అమెరికా షేర్లు కొనుక్కున్నవాళ్ళు ఇందులోకి వస్తారు. అమెరికాలోనే ఉంటున్న మీ అన్నయ్యకో అక్కకో, అంటే ఎన్‌ఆర్‌ఐకి, అక్కడ వచ్చిన డివిడెండ్ మీద ఇక్కడ పన్ను లేదు. వాళ్ళకి ఈ లెక్క అక్కర్లేదు.

రూల్ 115 ఏం చెప్తుంది

ఆదాయపు పన్ను రూల్స్, 1962లో రూల్ 115 అని ఒకటి ఉంది. విదేశీ కరెన్సీలో వచ్చిన ఆదాయాన్ని రూపాయల్లోకి ఎలా మార్చాలో అదే చెప్తుంది. అందులో రెండు విషయాలు పట్టుకుంటే చాలు: ఎవరి రేటు, ఏ తేదీ రేటు.

ఎవరి రేటు అంటే స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాది. అందులోనూ టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్ బయింగ్ రేట్. పేరు పాతకాలం నాటిది గానీ అర్థం సింపుల్. విదేశం నుంచి డాలర్లు బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌లో వస్తే, ఎస్‌బీఐ వాటిని మీ దగ్గర ఏ రేటుకి కొంటుందో ఆ రేటు. ఎస్‌బీఐ ప్రతి పనిదినం విడుదల చేసే ఫారెక్స్ కార్డ్ రేట్స్ పీడీఎఫ్‌లో ఇది `TT BUY` అనే కాలమ్‌లో ఉంటుంది. పక్కనే `TT SELL`, `BILL BUY` లాంటి కాలమ్స్ కూడా ఉంటాయి. వాటి జోలికి పోకండి.

గూగుల్‌లో కొడితే వచ్చే రేటు మార్కెట్ రేటు. ఎస్‌బీఐ కొనే రేటు సాధారణంగా దానికంటే కొంచెం తక్కువ ఉంటుంది. కాబట్టి గూగుల్ రేటు వేస్తే మీరు కొంచెం ఎక్కువ ఆదాయం చూపిస్తున్నట్టే. రూల్ అడిగిన రేటు మాత్రం అది కాదు.

ఇప్పుడు తేదీ. అన్ని రకాల ఆదాయాలకీ ఒకే తేదీ ఉండదు. డివిడెండ్‌కి రూల్ చెప్పేది ఇదీ: కంపెనీ డివిడెండ్ ఇచ్చిన నెలకి ముందు నెల ఉంది కదా, ఆ ముందు నెల చివరి రోజు. జూన్ 13న డివిడెండ్ వస్తే మే 31 రేటు. జూన్ 2న వచ్చినా మే 31, జూన్ 29న వచ్చినా మే 31. నెల మారితేనే రేటు మారుతుంది.

ఇక్కడ ఒక చిన్న ముడి ఉంది. రూల్‌లో మాటలు డివిడెండ్ "ప్రకటించిన, పంచిన లేదా చెల్లించిన" నెల అన్నట్టుగా ఉంటాయి. అమెరికా కంపెనీలు ఒక నెలలో ప్రకటించి, రెండు మూడు నెలల తర్వాత చెల్లిస్తుంటాయి. ఆచరణలో ఎక్కువమంది చెల్లించిన తేదీనే పట్టుకుంటారు, ఎందుకంటే డబ్బు మీ చేతికి అందేదీ, అమెరికాలో పన్ను కట్ అయ్యేదీ ఆ రోజే. ఏ పద్ధతి పట్టుకున్నా ఏటా అదే పాటించండి. ఒక ఏడాది ప్రకటించిన తేదీ, ఇంకో ఏడాది చెల్లించిన తేదీ అని మార్చుకుంటూ పోతే ఒక డివిడెండ్ రెండుసార్లు పడొచ్చు, లేదా అసలు ఎక్కడా పడకపోవచ్చు.

ఉదాహరణ: 100 మైక్రోసాఫ్ట్ షేర్లు

ఒకమ్మాయి దగ్గర 100 మైక్రోసాఫ్ట్ షేర్లు ఉన్నాయనుకుందాం. 2024-25 ఆర్థిక సంవత్సరం, అంటే 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా. ఆ ఏడాదిలో మైక్రోసాఫ్ట్ నాలుగుసార్లు డివిడెండ్ చెల్లించింది. జూన్ 13న, సెప్టెంబర్ 12న షేరుకి 75 సెంట్ల చొప్పున. డిసెంబర్ 12న, మార్చి 13న షేరుకి 83 సెంట్ల చొప్పున. 100 షేర్లకి 75, 75, 83, 83 డాలర్లు. మొత్తం 316 డాలర్లు.

కానీ ఆమె బ్రోకర్ అకౌంట్‌లో పడింది 316 కాదు, 237. మిగతా 79 డాలర్లు అమెరికా పన్ను కింద ముందే కట్ అయ్యాయి. ఇండియా–అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం మనలాంటి వ్యక్తులకి డివిడెండ్ మీద అక్కడ 25 శాతం కట్ చేస్తారు. అకౌంట్ తెరిచేటప్పుడు `W-8BEN` అని ఒక ఫారం నింపించుకుంటారు కదా, మీరు ఇండియా రెసిడెంట్ అని చెప్పేది అదే. అది లేకపోతే 30 శాతం కట్ అవుతుంది.

ఇప్పుడు మార్చేద్దాం. ఇక్కడ వేస్తున్న రేట్లు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను రౌండ్ చేసి అనుకున్నవి. మీ రిటర్న్‌లో ఇవే ఎత్తి రాయకండి, ఎస్‌బీఐ కార్డ్ చూసి వెయ్యండి.

| చెల్లించిన తేదీ | రేటు తేదీ | అనుకున్న రేటు | డివిడెండ్ | రూపాయల్లో | అమెరికా పన్ను, రూపాయల్లో |
|---|---|---|---|---|---|
| 13 జూన్ 2024 | 31 మే 2024 | 83.00 | $75 | 6,225.00 | 1,556.25 |
| 12 సెప్టెంబర్ 2024 | 31 ఆగస్టు 2024 | 83.50 | $75 | 6,262.50 | 1,565.63 |
| 12 డిసెంబర్ 2024 | 30 నవంబర్ 2024 | 84.00 | $83 | 6,972.00 | 1,743.00 |
| 13 మార్చి 2025 | 28 ఫిబ్రవరి 2025 | 87.00 | $83 | 7,221.00 | 1,805.25 |

మొత్తం డివిడెండ్ 26,680 రూపాయల 50 పైసలు. అమెరికాలో కట్టిన పన్ను 6,670 రూపాయల చిల్లర.

చివరి కాలమ్ చూడండి. కట్ అయిన పన్నుని కూడా అదే తేదీ రేటుతో మార్చాం. ఇది మన సొంత సౌకర్యం కోసం చేసింది కాదు. విదేశంలో కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ ఇచ్చే రూల్ 128 కూడా ఇదే పద్ధతి చెప్తుంది: పన్ను కట్ అయిన నెలకి ముందు నెల చివరి రోజు, ఎస్‌బీఐ కొనే రేటు. డివిడెండూ పన్నూ ఒకే రోజు కాబట్టి ఒకే రేటు.

రేటు తప్పు చిన్నది, ఇంకో తప్పు పెద్దది

సరే, ఈ అమ్మాయి నాలుగు రేట్లు వెతకడం ఎందుకులే అని, 316 డాలర్లు మొత్తాన్ని 85 రూపాయలతో గుణించేసిందనుకోండి. 26,860 వస్తుంది. అసలు లెక్కకి తేడా 180 రూపాయలు. రూల్ ప్రకారం తప్పే గానీ, పన్నులో తేడా అరవై రూపాయలు కూడా దాటదు. షేర్లు వేలల్లో ఉన్నవాళ్ళకి, డాలర్ బాగా ఊగిన ఏడాదిలో మాత్రం ఇదే తేడా పెద్దదవుతుంది.

ఇప్పుడు రెండో తప్పు. ఆమె అకౌంట్‌లో కనిపించిన 237 డాలర్లనే ఆదాయం అనుకుని, ఫైల్ చేసే రోజు రేటు 86తో గుణించి, 20,382 రూపాయలు చూపించింది. పన్ను అక్కడే కట్టేశాను కదా, మిగిలిందే నా ఆదాయం అని లాజిక్. వినడానికి బానే ఉంటుంది. కానీ రిటర్న్‌లో చూపించాల్సింది పన్ను కట్ కాకముందు మొత్తం. మీ జీతంలో టీడీఎస్ కట్ అయ్యాక మిగిలిందే జీతం అని చూపించరు కదా, ఇదీ అంతే.

ఇలా చేస్తే ఆదాయం తక్కువ చూపించినట్టు అవుతుంది, అది ఒక సమస్య. తమాషా ఏంటంటే ఆమె పన్ను ఎక్కువ కడుతుంది కూడా. ఎలాగో చూడండి.

ఆమె మొత్తం ఆదాయం దాదాపు 29 లక్షలు, కొత్త రెజీమ్, పై శ్లాబ్ 30 శాతం అనుకుందాం. సెస్సుతో కలిపి ఈ డివిడెండ్ మీద పడే పన్ను 31.2 శాతం. తప్పు పద్ధతిలో 20,382 మీద 6,359 రూపాయలు. అమెరికాలో కట్టినదానికి క్రెడిట్ అడగలేదు కాబట్టి ఆ 6,359 మొత్తం ఇక్కడ కట్టాలి. అక్కడా కట్టింది, ఇక్కడా కట్టింది.

కరెక్ట్ పద్ధతిలో 26,680 మీద పన్ను 8,324. ఇందులోంచి క్రెడిట్ తీసెయ్యాలి. క్రెడిట్ ఎంత? రెండు అంకెల్లో ఏది తక్కువైతే అది: అమెరికాలో కట్టిన పన్ను ఒకటి, అదే ఆదాయం మీద ఇండియాలో పడే పన్ను రెండోది. ఈ రెండోదాన్ని లెక్కగట్టేటప్పుడు సాధారణంగా శ్లాబ్ రేటు కాకుండా సగటు రేటు వాడతారు. అంటే మీ మొత్తం పన్నుని మొత్తం ఆదాయంతో భాగిస్తే వచ్చేది. 29 లక్షల ఆదాయానికి ఆ ఏడాది కొత్త రెజీమ్‌లో ఇది సెస్సుతో కలిపి సుమారు 20 శాతం. 26,680లో 20 శాతం 5,336. అక్కడ కట్టింది 6,670. తక్కువది 5,336, కాబట్టి క్రెడిట్ అంతే. ఇక్కడ కట్టాల్సింది 8,324లోంచి 5,336 తీసేస్తే 2,988.

అంటే తప్పు పద్ధతిలో 6,359, కరెక్ట్ పద్ధతిలో 2,988. ఆదాయం ఎక్కువ చూపించి కూడా 3,371 రూపాయలు తక్కువ కట్టింది. వంద షేర్లకే, ఒక్క ఏడాదికే ఇంత.

క్రెడిట్‌లో వాడుకోలేకపోయిన 1,334 రూపాయల సంగతి? అది పోయినట్టే. వచ్చే ఏడాదికి మోసుకెళ్ళడానికి లేదు, రీఫండ్‌గా రాదు. మీ ఆదాయం తక్కువై, రిబేట్ వల్ల ఇండియాలో మీకు పన్నే సున్నా అయితే, అమెరికాలో కట్టినదానికి ఇక్కడ వచ్చే క్రెడిట్ కూడా సున్నానే. అయినా డివిడెండ్‌ని ఆదాయంలో చూపించాల్సిందే.

పాత రేట్లు ఎక్కడ దొరుకుతాయి

ఇక్కడ అందరూ ఆగిపోతారు. ఎస్‌బీఐ సైట్‌లో దొరికే పీడీఎఫ్ ఆ రోజు కార్డ్. మీకు కావాల్సింది ఏడాది కిందటి మే 31 కార్డ్. రోజూ ఆ పీడీఎఫ్‌ని దింపి దాచిపెట్టే ఆర్కైవ్‌లు గిట్‌హబ్‌లో ఉన్నాయి. తేదీల వారీగా రేట్ల ఫైల్‌తో పాటు అసలు పీడీఎఫ్‌లు కూడా దొరుకుతాయి. అంకెని ఫైల్‌లోంచి తీసుకున్నా, ఆ రోజు పీడీఎఫ్ తెరిచి `TT BUY` కింద అదే ఉందా అని ఒకసారి సరిచూసుకోండి. ఆ పీడీఎఫ్‌ని మీ ఫోల్డర్‌లో దాచుకోండి. రేపు నోటీసు వస్తే మీ లెక్కకి ఆధారం అదే.

ఇంకో ఇబ్బంది, నెల చివరి రోజు సెలవైతే? 2024 జూన్ 30 ఆదివారం. పైన మన పట్టికలో ఉన్న 2024 ఆగస్టు 31, నవంబర్ 30 రెండూ శనివారాలే. 2025 మార్చి 31న రంజాన్ పండుగ. ఆ రోజు కార్డ్ దొరకకపోతే, దానికి ముందు ఎస్‌బీఐ కార్డ్ వచ్చిన ఆఖరి రోజు రేటు తీసుకుంటారు. ముందుకే వెనక్కి వెళ్ళాలి గానీ తర్వాతి రోజు రేటు తీసుకోకూడదు. మీ షీట్‌లో పక్కన ఒక చిన్న నోట్ రాసుకోండి: ఫలానా రోజు కార్డ్ లేదు కాబట్టి ఫలానా రోజుది వాడాను అని.

షీట్‌లో ఈ పనంతా రెండు ఫార్ములాలతో అయిపోతుంది. `A` కాలమ్‌లో డివిడెండ్ తేదీలు పెట్టుకోండి. `Rates` అని ఇంకో ట్యాబ్ తెరిచి అందులో తేదీలు, వాటి పక్కన `TT BUY` రేట్లు, పాత తేదీ పైన కొత్త తేదీ కింద ఉండేలా పేస్ట్ చెయ్యండి. తర్వాత ఇవి:

```
B2:  =EOMONTH(A2,-1)
C2:  =VLOOKUP(B2,Rates!A:B,2,TRUE)
```

మొదటిది ముందు నెల చివరి తేదీ ఇస్తుంది. రెండోది ఆ తేదీ రేటు వెతుకుతుంది. ఆ తేదీ లేకపోతే చివర్లో ఉన్న `TRUE` వల్ల దానికి ముందున్న దగ్గరి తేదీ రేటు ఇస్తుంది. సెలవుల గొడవ దానంతట అదే తీరిపోతుంది. అయితే రెండు జాగ్రత్తలు. తేదీలు వరుసలో లేకపోతే ఈ ఫార్ములా నోరెత్తకుండా తప్పు రేటు ఇస్తుంది. సెలవు రోజు దగ్గర రేటు సున్నా అని ఉంటే ఆ వరుసని ముందే తీసెయ్యండి, లేకపోతే మీ డివిడెండ్ సున్నా రూపాయలు అయిపోతుంది.

అయ్యాక మూడు చెకింగ్‌లు చెయ్యండి. ఒకటి, ప్రతి వరుసలో పన్నుని డివిడెండ్‌తో భాగిస్తే 25 శాతమే రావాలి. 33 శాతం వచ్చిందంటే మీరు డివిడెండ్ గడిలో చేతికొచ్చిన మొత్తం వేశారని అర్థం. రెండు, చేతికొచ్చింది, కట్ అయిన పన్ను కలిపితే పూర్తి డివిడెండ్ రావాలి. మన ఉదాహరణలో 237, 79 కలిపితే 316. మూడు, మొత్తం రూపాయల్ని మొత్తం డాలర్లతో భాగించండి. 26,680.50ని 316తో భాగిస్తే 84.43. ఇది మీ రేట్లలో అతి తక్కువదానికీ (83) అతి ఎక్కువదానికీ (87) మధ్యలో ఉండాలి. బయటికి పోయిందంటే ఎక్కడో ఒక వరుస తేడా కొట్టింది.

రెండు క్యాలెండర్ల గోల

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీ బ్రోకర్ `1042-S` అని ఒక ఫారం ఇస్తారు. అమెరికాలో మీకు ఎంత ఆదాయం వచ్చింది, ఎంత పన్ను కట్ అయింది అని అందులో ఉంటుంది. చూడగానే పని అయిపోయింది, ఈ అంకె రిటర్న్‌లో పెట్టేద్దాం అనిపిస్తుంది. ఆగండి. అది జనవరి నుంచి డిసెంబర్ దాకా లెక్క. మన రిటర్న్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా.

మన ఉదాహరణలోనే చూడండి. 2024 క్యాలెండర్ సంవత్సరంలో మైక్రోసాఫ్ట్ మార్చి 14న, జూన్‌లో, సెప్టెంబర్‌లో 75 సెంట్ల చొప్పున, డిసెంబర్‌లో 83 సెంట్లు చెల్లించింది. 100 షేర్లకి 308 డాలర్లు. కానీ మన ఆర్థిక సంవత్సరం లెక్క 316. 2024 మార్చిది పోయిన ఏడాది రిటర్న్‌కి వెళ్ళిపోతుంది, 2025 మార్చిది ఈ ఏడాదిలోకి వస్తుంది. కాబట్టి `1042-S` బదులు బ్రోకర్ యాప్‌లోంచి లావాదేవీల స్టేట్‌మెంట్ దింపుకుని, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఫిల్టర్ చెయ్యండి.

అయితే క్యాలెండర్ సంవత్సరం అంకె కూడా ఒక చోట కావాలి. రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏ అని విదేశీ ఆస్తుల పట్టిక ఉంటుంది. అది డిసెంబర్ 31తో ముగిసే సంవత్సరానికి నింపాలి. అక్కడ మన అమ్మాయి 308 డాలర్ల లెక్క చూపిస్తుంది. విదేశీ ఆదాయం చూపించే షెడ్యూల్ ఎఫ్ఎస్ఐలో 316 డాలర్ల లెక్క చూపిస్తుంది. రెండు చోట్ల రెండు అంకెలు వచ్చాయని కంగారు పడి ఒకదాన్ని రెండోదానికి సరిచెయ్యకండి. అవి వేరుగానే ఉండాలి.

షెడ్యూల్ ఎఫ్ఏలో షేర్ల విలువకి ముందు నెల చివరి రోజు అనే రూల్ కూడా పనికిరాదు. కొన్నప్పటి విలువకి కొన్న రోజు రేటు, ఏడాదిలో అత్యధిక విలువకి ఆ గరిష్ఠ విలువ ఉన్న రోజు రేటు, ముగింపు విలువకి డిసెంబర్ 31 రేటు. రేటు మాత్రం మళ్ళీ ఎస్‌బీఐ `TT BUY`నే. ఒక్క షేరు ఉన్నా, డివిడెండ్ పైసా రాకపోయినా ఈ పట్టిక నింపాలి. నింపకపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల పెనాల్టీ దాకా వెళ్ళొచ్చు. 2024 అక్టోబర్ 1 నుంచి, ఇల్లూ స్థలాలూ కాకుండా మిగతా విదేశీ ఆస్తులన్నీ కలిపి 20 లక్షలు మించకపోతే ఆ పెనాల్టీ వెయ్యరు. అలాగని నింపక్కర్లేదని కాదు. షెడ్యూల్ ఎఫ్ఏ ఉన్నవాళ్ళకి `ITR-1` పనికిరాదు, `ITR-2` లేదా `ITR-3` తీసుకోవాలి.

క్రెడిట్ అడగాలంటే ఫారం 67

ఆ 5,336 క్రెడిట్ దానంతట అదే రాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో `Form 67` ఆన్‌లైన్‌లో వెయ్యాలి. అందులో దేశం, ఆదాయం, అక్కడ కట్టిన పన్ను రూపాయల్లో అడుగుతారు, ఆధారం అప్‌లోడ్ చెయ్యమంటారు. `1042-S`, దాంతోపాటు బ్రోకర్ స్టేట్‌మెంట్ పెట్టండి. 2025 జనవరి నుంచి మార్చి దాకా కట్ అయిన పన్ను 2024 ఫారంలో ఉండదు కాబట్టి స్టేట్‌మెంట్ అవసరం.

రూల్ ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ ముగిసేలోపు ఫారం 67 వెయ్యొచ్చు, రిటర్న్‌ని గడువులోగానో, లేటు ఫీజుతో బిలేటెడ్‌గానో వేసి ఉంటే. కానీ ఆచరణలో ఫారం 67 ముందు వేసి, తర్వాత రిటర్న్ వెయ్యడం మంచిది. అప్పుడు ఫారంలో, షెడ్యూల్ ఎఫ్ఎస్ఐలో, క్రెడిట్ చూపించే షెడ్యూల్ టీఆర్‌లో మూడు చోట్లా ఒకే అంకెలు ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. ఇవి కలవకపోతేనే క్రెడిట్ ఆగిపోయి, పన్ను కట్టమని ఇంటిమేషన్ వస్తుంది.

మిగతా ఆదాయాలకి ఇదే తేదీ వాడొచ్చా?

అన్నింటికీ కాదు. షేర్లు అమ్మితే వచ్చే లాభానికి, అమ్మిన నెలకి ముందు నెల చివరి రోజు. విదేశీ కరెన్సీ జీతానికి, జీతం రావాల్సిన నెలకి ముందు నెల చివరి రోజు. ఆఫీస్ షేర్లు మీ పేరు మీదికి వచ్చినప్పటి విలువ అయితే మీ కంపెనీ ఇప్పటికే రూపాయల్లో మార్చి ఫారం 16లో వేసి ఉంటుంది, దాన్ని మళ్ళీ మార్చి ఇంకోసారి కలపకండి.

ఫ్రీలాన్సింగ్ ఆదాయం, విదేశీ బ్యాంక్ సేవింగ్స్ అకౌంట్ వడ్డీ, విదేశంలో ఉన్న ఇంటి అద్దె, వీటికి ఆర్థిక సంవత్సరం చివరి రోజు, అంటే మార్చి 31 రేటు. కానీ మార్చి 31 లోపే ఆ డబ్బు ఇండియాకి సక్రమంగా వచ్చేసి ఉంటే ఈ రేటు వర్తించదు, బ్యాంక్ నిజంగా మార్చి వేసిన రూపాయలే లెక్క. ఫ్రీలాన్సర్ ఒకరు క్లయింట్ నుంచి వచ్చిన 1,000 డాలర్లలో 700 ఫిబ్రవరిలో బ్యాంక్‌కి తెచ్చుకుని, 300 విదేశీ వాలెట్‌లో వదిలేశారనుకోండి. 700కి బ్యాంక్ ఇచ్చిన రూపాయలు, 300కి మార్చి 31 ఎస్‌బీఐ రేటు. ఆ వాలెట్‌లో ఉన్నదీ ఆదాయమే, ఇండియాకి తేలేదు కాబట్టి పన్ను లేదనుకోవద్దు. డివిడెండ్‌కి మాత్రం ఈ వెసులుబాటు లేదు. డబ్బు ఇండియాకి తెచ్చుకున్నా తేకపోయినా ముందు నెల చివరి రోజు రేటే.

చివరగా, పాత సంవత్సరాల గురించి. కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చేది 2026 ఏప్రిల్ 1 నుంచి. దాంతో రూల్స్, ఫారాల నంబర్లు మారతాయి. కానీ 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి పాత చట్టం, పాత రూల్ 115నే. ఎప్పుడో వదిలేసిన సంవత్సరానికి ఇప్పుడు అప్‌డేటెడ్ రిటర్న్ వేస్తున్నా సరే, డివిడెండ్ 2023 జూన్‌ది అయితే రేటు 2023 మే 31దే. ఫైల్ చేసే రోజు డాలర్ ఎంత ఉందనేది ఈ లెక్కలో ఎక్కడా రాదు.

కాబట్టి ఇవాళ చెయ్యాల్సింది: బ్రోకర్ స్టేట్‌మెంట్ దింపండి, ప్రతి డివిడెండ్‌కి కట్ కాకముందు మొత్తం రాసుకోండి, పక్కన ముందు నెల చివరి తేదీ వెయ్యండి. రేట్లు వెతకడం ఆ తర్వాత. వచ్చే ఎపిసోడ్‌లో షేర్లు అమ్మినప్పుడు లాభం లెక్క చూద్దాం. ఉంటాను మరి.